తుడిచేసిన పది నలభై రెండు

ఆమెను అందరూ రెప్పమ్మ అనేవారు. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వినబడేది కాదు. కోడిగుడ్లను పొదిగించే ఆ హేచరీలో చేరిన కొత్తలో, పాత మేస్త్రి ఒకాయన ఆమెకొక విద్య నేర్పాడు. మిషన్లోంచి గుడ్డు తీసి మూసిన కనురెప్పకు ఆనించుకోవాలి. అరచెయ్యి మొండిది, దానికి వేడి సరిగ్గా తెలియదు. రెప్ప చర్మం పలచన, అది అబద్ధమాడదు. ఆరు నెలలు తిరిగేసరికి ఆమె రెప్పకీ గోడమీది థర్మామీటరుకీ అర డిగ్రీ తేడా ఉండేది కాదు. తేడా వస్తే థర్మామీటరునే మార్చేవారని ఆమె వెనకాల చెప్పుకునేవారు. ఆమె ముందు కూడా చెప్పుకునేవారు.

పంతొమ్మిదో ఏట ట్రేలు కడగడానికి వచ్చింది. ఇప్పుడు నలభై ఎనిమిది. గుడ్లు పద్దెనిమిది రోజులు ఉండే పెద్ద వేడి బీరువాలు ఆరు ఉన్నాయి ఆ గదిలో. వాటిని సెట్టర్లు అంటారు. ఆ ఆరూ పగటిపూట ఆమెవి. దేని తలుపు రబ్బరు వదులైందో, దేని ఫ్యాను ఏ రోజు మూలుగుతుందో, ఇంట్లో మనుషుల గురక తెలిసినట్టు తెలుసు.

రెప్పమ్మకు మాట పడే అలవాటు లేదు. దానికొక కారణం కుడిచేతి చిటికెన వేలు. ఇరవై రెండేళ్లప్పుడు బ్రేకు పనిచెయ్యని ట్రాలీ ఒకటి వెనక్కి దొర్లి ఆ వేలిని గోడకేసి నొక్కేసింది. ఆస్పత్రి నుంచి రాగానే అప్పటి గుమాస్తా ఒక కాగితం ముందుపెట్టి, "మామూలుదేనమ్మా, సంతకం పెట్టు" అన్నాడు. పెట్టింది. తన అజాగ్రత్త వల్లే ప్రమాదం జరిగిందని ఆ కాగితంలో ఉందని నెల తర్వాత తెలిసింది. వేలు వంకరగానే అతుక్కుంది. ఆ రోజునుంచి చదవకుండా, చదివినా ఒప్పుకోకుండా, ఆమె సంతకం ఎవరికీ దొరకలేదు. కొడుకు పెళ్లి శుభలేఖ అచ్చుకిచ్చే ముందు కూడా రెండుసార్లు చదివిందని కోడలు ఇప్పటికీ ఏడిపిస్తుంది.

నాలుగు నెలల కింద కొత్త మేనేజరు వచ్చాడు. కుర్రవాడు కాదు గానీ, ఆమెకంటే పదిహేనేళ్లు చిన్న. చెడ్డవాడూ కాదు. శుభ్రం పిచ్చి ఉన్నవాడు. గుడ్డును కంటికి ఆనించడం మొదటి వారమే ఆపించాడు. "కంటి తడి గుడ్డుకంటితే ఎంత ప్రమాదం తెలుసా అమ్మా" అన్నాడు. ప్రతి సెట్టర్‌లో కొత్త సెన్సర్లు పెట్టించాడు. వేడి పెరిగితే డ్యూటీలో ఉన్నవాళ్ల ఫోన్‌కి అలర్ట్ వచ్చే యాప్ పెట్టించాడు. గోడమీది బజర్ తీయించేశాడు. దాని మోతకు ఉలిక్కిపడి ఇద్దరు ట్రేలు జారవిడిచారట. "ఇంకా బజరెందుకు, జేబులోనే మోగుతుంటే" అన్నాడు.

జేబులో మోగే ఆ ఫోన్‌ని లోపలికి తీసుకెళ్లడానికి కూడా ఒక పద్ధతి పెట్టాడు. లోపలి గేటు దగ్గర చెప్పులు మార్చుకుని, కోటు వేసుకుని, చేతులు కడుక్కుని, పలచటి ప్లాస్టిక్ కవర్లో ఉన్న ఫోన్‌ని స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో తుడవాలి. ముందూ వెనకా, అడ్డంగా, పది లెక్కపెట్టేదాకా. గుడ్డ అందించి, లోపలికి వెళ్లినవాళ్ల టైము పుస్తకంలో రాయడానికి ఒక ముసలాయన కూర్చునేవాడు. ఆయన్ని అందరూ స్పిరిట్ బాబాయ్ అనేవారు. తాగడు పాపం. అందుకే ఆ పేరు ఇంకా బాగా అతుక్కుంది.

ఆ మంగళవారం పొద్దున రెప్పమ్మ టీ తాగి తిరిగి వచ్చింది. ఫోన్ తుడిచింది. బాబాయ్ టైము రాసుకున్నాడు. ఆమె నేరుగా ట్రేల గదికి వెళ్లి, కొత్తగా వచ్చిన గుడ్లను మొన కిందికీ, లావు వైపు పైకీ ఉండేలా సర్దించింది. పదకొండూ ఇరవైకి సెట్టర్ల గది తలుపు తీసింది. తీయగానే ముఖం మీద తేడా తగిలింది. గది వేడిలోకి ఇంకో వేడి కలిసింది. వాసన కూడా మారింది. నాలుగో సెట్టర్ దగ్గరికి పరుగెత్తింది. లోపల పదహారో రోజు గుడ్లు. ఆ వయసుకి గుడ్లు తమ వేడి తామే పుట్టిస్తాయి, చల్లార్చే నీళ్లు ఆగితే తమలో తామే ఉడికిపోతాయి. నీటి వాల్వు బిగుసుకుపోయింది. తొంభై తొమ్మిదిన్నర ఉండాల్సినచోట నూటరెండున్నర చూపిస్తోంది.

హీటరు ఆపేసి, రెండు తలుపులూ బార్లా తీసి, ట్రాలీలు బయటికి లాగింది. వాల్వు మీద చెక్కదిమ్మెతో రెండు దెబ్బలు వేసింది. మూడో దెబ్బకి నీళ్లు కదిలాయి. అప్పుడుగానీ ఆమెకు ఫోన్ గుర్తుకు రాలేదు. తీసి చూసింది. తెర మీద ఏమీ లేదు.

మేనేజరు ఆఫీసు గదిలో కంప్యూటరు తెర తిప్పి చూపించాడు.

"చూడండమ్మా. పది నలభై రెండుకి మొదటి అలర్ట్. పది యాభై ఏడుకి రెండోది. పదకొండూ పన్నెండుకి మూడోది. మూడూ పంపినట్టుంది. మీరు పదకొండూ ఇరవైకి వెళ్లారు."

"నాకేమీ రాలేదు సార్."

"పంపినట్టు ఇక్కడుంది కదా."

"అక్కడుంటే అక్కడుంది. నాకు రాలేదు."

"రాకపోవడం ఉండదమ్మా. వచ్చినదాన్ని చూసి, తర్వాత చూద్దాంలే అని తోసేసి ఉంటారు. మాకూ జరుగుతుంటుంది. గుడ్ మార్నింగులు తోసేసినట్టు తోసేస్తాం."

"మీకు జరుగుతుందేమో. నేను గుడ్ల సంగతి తోసెయ్యను."

ఆయన నిట్టూర్చి ఒక కాగితం ముందుకు జరిపాడు. నాలుగే లైన్లు. చివరిదొకటి ఆమె రెండుసార్లు చదివింది. అలర్ట్ చూసి కూడా నిర్లక్ష్యం చేసినట్టు ఒప్పుకుంటున్నాను. కింద సంతకానికి గీత.

"పైవాళ్లకి ఏదో ఒకటి పంపాలి. ఇది పెడితే చిన్న హెచ్చరికతో పోతుంది. మిమ్మల్ని కొన్నాళ్లు ట్రేలు కడిగే చోటికి మారుస్తాను, అంతే. పెట్టకపోతే విచారణ అంటారు. రేపు పదకొండింటికి రండి, ఆలోచించుకుని."

"ఆలోచించేదేముంది సార్. ఇది నేను రాసింది కాదు."

"రేపు రండమ్మా."

ట్రేలు కడిగే చోటు. ఇరవై తొమ్మిదేళ్ల కింద మొదలుపెట్టిన చోటు. ఆమె మెట్లు దిగుతూ చిటికెన వేలిని రెండో చేత్తో పట్టుకుని ఉండటం స్పిరిట్ బాబాయ్ చూశాడు.

ఇంటికి వచ్చేసరికి సాయంత్రం అయిదైంది. కోడలు అప్పుడే మందుల షాపు నుంచి వచ్చి కాళ్లు చాపుకుని కూర్చుంది. కొడుకు కోడిపిల్లల వ్యాను తోలుతాడు, వారానికి నాలుగు రోజులు రోడ్డు మీదే. కాబట్టి ఆ ఇంట్లో మాటలన్నీ అత్తాకోడళ్ల మధ్యే నడుస్తాయి. అందులో ముప్పాతిక దెప్పుళ్లే.

జరిగిందంతా విని కోడలు చెయ్యి చాపింది. "ఫోన్ ఇలా ఇవ్వండి అత్తయ్యా."

"దాన్నేం చూస్తావు? అందులో ఏమీ లేదని చెప్తున్నా."

"పైన లేదు. లోపల ఉందేమో. పోయిన నెల లాబ్ వాళ్ల మెసేజ్ పోగొట్టుకుని ఎంత హడావుడి చేశారో గుర్తుందా? పరగడుపున రావాలో తినేసి రావాలో తెలీక."

"నేను పోగొట్టలేదు. అదే పోయింది."

"సరే, అదే పోయింది. అప్పుడు హిస్టరీ ఆన్ చేసి లేదు గనక దొరకలేదు. ఆ తర్వాత నేను ఆన్ చేసిపెట్టాను. ఆన్ చేశాక వచ్చినవే అది దాస్తుంది, అంతకుముందువి దానికి తెలీవు."

సెట్టింగ్స్‌లోకి వెళ్లింది, నోటిఫికేషన్లలోకి వెళ్లింది, నోటిఫికేషన్ హిస్టరీ అన్నచోట నొక్కింది. పైన కొత్తగా తోసేసినవి నాలుగైదు. కింద గడిచిన ఇరవై నాలుగు గంటల్లో వచ్చినవి, యాప్ పేరు కింద యాప్. హేచరీ యాప్ పేరు పక్కన బాణం గుర్తు నొక్కగానే ఒకే ఒక లైను తెరుచుకుంది.

కోడలు ఫోన్‌ని ఆమె వైపు తిప్పింది.

"వచ్చిందండీ అత్తయ్యా."

రెప్పమ్మ కళ్లజోడు పెట్టుకుని చూసింది. సెట్టర్ నాలుగు, వేడి ఎక్కువ, నూటొకటి. పది నలభై రెండు.

పొద్దుటినుంచి ఆమె కనీసం పదిమంది దగ్గర రాలేదని చెప్పింది. మేనేజరు మొహం మీద చెప్పింది. ఆ లైను అలా తెర మీద కూర్చుని ఆమెను చూస్తున్నట్టే ఉంది.

"మిగతా రెండూ?"

"లేవు. ఒక్కటే ఉంది. తోసేసినా సరే ఇందులో ఉండాలి. కాబట్టి అవి మీ ఫోన్ దాకా వచ్చి ఉండకపోవచ్చు. ఎందుకు రాలేదో ఇది చెప్పదు. రానిదాని గురించి దీనికేం తెలుస్తుంది?"

"ట్రేల గదిలో సిగ్నల్ ఉండదు" అంది రెప్పమ్మ తనలో తాను అనుకుంటున్నట్టు. తర్వాత గట్టిగా అడిగింది. "ఇది నేను చూశానో లేదో ఉంటుందా ఇందులో?"

"ఉండదు."

"ఎప్పుడు పోయింది, ఎవరు తోసేశారు?"

"అదీ ఉండదు. వచ్చిన టైము, వచ్చిన ముక్క, అంతే." కోడలు ఆ లైను మీద నొక్కింది. అలర్ట్ తెరుచుకోలేదు, ఆ యాప్ నోటిఫికేషన్ల సెట్టింగ్ పేజీ వచ్చింది. వెనక్కి వచ్చి ఫోన్‌ని ఒళ్లో పెట్టుకుంది. గొంతు తగ్గించింది. "అత్తయ్యా, ఒక మాట చెప్తాను, కోప్పడకండి. ఇరవై నాలుగు గంటలవే ఉంటాయి ఇందులో. రేపు మిమ్మల్ని పదకొండింటికి రమ్మన్నారు. పది నలభై రెండు దాటితే ఈ లైను దానంతటదే పోతుంది. ఇలాంటిది ఒకటుందని మీ మేనేజరుకి తెలిసినట్టు లేదు. మీరు రాలేదన్నారు. రాలేదనే ఉండండి."

ఆ మాట రెప్పమ్మకు నచ్చకపోలేదు, అదే ఇబ్బంది. ఎంత సులువుగా ఉంది. ఏమీ చెయ్యక్కర్లేదు. ఊరికే కూర్చుంటే చాలు, ఫోనే ఆమె తరఫున అబద్ధమాడుతుంది.

నిజంగా చూడలేదా తను? పొద్దున్నించి అప్పుడు మొదటిసారి తనను తాను అడిగింది. టీ, గేటు, చెప్పులు, కోటు, కుళాయి. ఎంత తవ్వినా ఆ అక్షరాలు కంటికి కనబడిన గుర్తు లేదు. కానీ చేతికి ఏదో గుర్తుంది. ఫోన్ వణికినట్టు ఒక చిన్న జర్రు. అప్పుడే వచ్చిందా, అంతకుముందు వచ్చిందా?

కోడలు తెర మీది మరకలు చూసి మొహం చిట్లించింది. "ఎంత స్పిరిట్ కొట్టారో, అద్దమంతా తెల్లగా అయిపోయింది" అంటూ, ఫోన్ తాళం వేసి, చున్నీ అంచు తడిపి అడ్డంగా రుద్దసాగింది. సరిగ్గా అప్పుడే కొడుకు పంపిన మెసేజ్ ఏదో వచ్చి తెర వెలిగింది. చున్నీ దాని మీదుగా పోయింది. మెసేజ్ కూడా దాంతోపాటే పక్కకి జారి పోయింది.

ఇద్దరూ ఒకేసారి ఆగారు.

"మళ్లీ చెయ్యి" అంది రెప్పమ్మ.

కోడలు తన ఫోన్ నుంచి ఒక మెసేజ్ పంపింది, తెర వెలగగానే తుడిచింది. పోయింది. మూడోసారి పోలేదు, నాలుగోసారి పోయింది. హిస్టరీ తెరిస్తే పోయినవన్నీ పైన వరసగా ఉన్నాయి.

"పది లెక్కపెట్టేదాకా" అంది రెప్పమ్మ మెల్లగా. "అడ్డంగా."

ఆమె లేచి నిలబడింది. ఆలోచన కుదిరితే ఆమె కూర్చుని ఉండలేదు. "అమ్మాయ్, వచ్చిందన్నది నిజం. చూశానన్నది అబద్ధం. మొదటిదాన్ని దాచిపెట్టి రెండోదాని మీద నేనెలా పోట్లాడను? నా నోరు ఎక్కడో ఒకచోట తడబడుతుంది. నేను తడబడితే వాడి కాగితమే నిజమవుతుంది."

"అయితే ఫొటో తీసుకోండి, స్క్రీన్‌షాట్."

"తియ్యి. అదీ ఉండనీ. కానీ ఆ మనిషి దాన్ని నమ్మడు. బొమ్మలు ఎవరైనా తయారుచేస్తారంటాడు. ఫోన్‌లోనే చూడాలి, తన కళ్లతో. పది నలభై రెండు లోపల."

"పదకొండింటికి కదా రమ్మన్నది?"

"రమ్మన్నది ఆయన టైముకి. వెళ్లేది నా టైముకి."

మర్నాడు పది గంటలకల్లా ఆమె ఆఫీసు ముందు ఉంది. మేనేజరు గది తలుపు వేసి ఉంది. లోపల ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. పది పది. పది ఇరవై. ఒకసారి తలుపు కొట్టింది. లోపలినుంచి చెయ్యి మాత్రం అద్దంలోంచి కనబడింది, ఆగమన్నట్టు. ఆమె హిస్టరీ తెరిచి చూసుకుంది. లైను ఉంది. మళ్లీ చూసుకుంది. పది ఇరవై ఏడుకి తలుపు తోసుకుని లోపలికి వెళ్లిపోయింది.

"అమ్మా, పదకొండింటికి..."

"పదకొండింటికి నేను చూపించేది ఉండదు సార్. ఫోన్ పెట్టెయ్యండి."

అలా ఆయనతో ఎవరూ మాట్లాడి ఉండరు. ఆ ఆశ్చర్యంలోనే ఆయన ఫోన్ పెట్టేశాడు.

ఆమె తన ఫోన్ బల్ల మీద పెట్టింది. "నిన్న నాకు అలర్ట్ రాలేదన్నాను. తప్పు. వచ్చింది. ఇదిగో."

ఆయన వంగి చూశాడు. చూసి, కుర్చీలో వెనక్కి వాలాడు. ఏదో తేలికపడ్డట్టు. "అదే కదమ్మా నేను చెప్పింది. ఒప్పుకున్నారు, సంతోషం. మరి సంతకం..."

"ఇంకా అవలేదు. ఎన్ని ఉన్నాయి అక్కడ?"

"ఒకటి."

"మీరు మూడన్నారు. తోసేసినవైనా ఇందులో ఉంటాయట. మిగతా రెండూ ఏవి?"

ఆయన పైకీ కిందికీ జరిపి చూశాడు. "నెట్‌వర్క్ ఏదో..."

"ఏదో నాకు తెలీదు, మీకూ తెలీదు, దీనికీ తెలీదు. మీ కంప్యూటరు పంపానంటుంది. అందిందని ఎక్కడా అనలేదు. సరే, అవి వదిలెయ్యండి. ఉన్నదాని సంగతి చూద్దాం. ఈ టైము గుర్తుపెట్టుకుని నాతో గేటు దాకా రండి. మీ ఫోన్ కూడా తీసుకోండి. వచ్చేముందు ఆ యాప్‌లో టెస్ట్ అలర్ట్ అని ఉంటుందే, గుమాస్తాని అది మీ ఫోన్‌కి పంపమనండి. ఇప్పుడే కాదు, మనం గేటు దగ్గరికి చేరాక, రెండు మూడుసార్లు."

ఎందుకు వెళ్లాడో ఆయనకే తెలియదని తర్వాత స్పిరిట్ బాబాయ్ అనేవాడు. బహుశా ఆమె ముందు నడుస్తోంది కాబట్టి.

గేటు దగ్గర ఆమె ముందుగా పుస్తకం అడిగింది. బాబాయ్ నిన్నటి పేజీ తిప్పి, తన పెద్ద పెద్ద అంకెల కింద వేలు పెట్టాడు.

"పది నలభై మూడు" అన్నాడు. "తుడుచుకుని లోపలికి పోయిన టైము. నేను తుడిచాకే రాస్తాను సార్, ముందు రాయను."

"తుడిచింది పది నలభై రెండుకి" అంది రెప్పమ్మ. "అలర్ట్ వచ్చింది పది నలభై రెండుకి. ఇప్పుడు మీరు తుడవండి."

"నేనా?"

"రూలు మీదే కదా సార్. పది లెక్కపెట్టేదాకా."

బాబాయ్ ఎంతో మర్యాదగా గుడ్డ అందించాడు. ఆ మర్యాదలో నవ్వు ఉంది. మేనేజరు ఫోన్ కవర్లో పెట్టుకుని తుడవడం మొదలుపెట్టాడు. నాలుగు దగ్గర ఆయన చేతిలో ఫోన్ జర్రుమంది. చెయ్యి ఆగలేదు, అలవాటు మీద ఇంకో రెండుసార్లు అడ్డంగా పోయింది. గుడ్డ తీసి చూశాడు. తెర మీద పువ్వుల బొమ్మ ఒక్కటే ఉంది.

"రాలేదేమో" అన్నాడు.

"హిస్టరీ చూడండి. నా ఫోన్‌లో చూశారుగా."

ఆయన వెతుక్కుంటూ సెట్టింగ్స్ తెరిచాడు. నోటిఫికేషన్ హిస్టరీ దగ్గరికి వచ్చేసరికి ఆఫ్ అని ఉంది. ఆన్ చేశాడు. ఖాళీ.

"ఏమీ లేదు ఇందులో."

"ఇప్పుడు ఆన్ చేశారు కాబట్టి. ముందువి అందులోకి రావు. నా కోడలు చెప్పింది." ఆమె గొంతు పెంచలేదు. "నాలుగు నెలలుగా రోజుకి ఎన్నిసార్లు తుడుస్తున్నారు సార్? ఎన్ని పోయాయి?"

ఆయన ఆ ఖాళీ తెరను ఇంకోసారి కిందికి జరిపాడు.

"ఇప్పుడు మీకు వచ్చిందా, రాలేదా?"

"వచ్చింది. చేతికి తెలిసింది."

"చూశారా?"

"లేదు."

"అయితే అలర్ట్ చూసి కూడా నిర్లక్ష్యం చేశానని మీరు రాసిస్తారా?"

బాబాయ్ పుస్తకంలోకి తల వంచేసుకున్నాడు. లోపల ఆరు సెట్టర్ల ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు గోడలోంచి వినబడుతోంది. మేనేజరు తన ఫోన్‌ని ఆ వైపూ ఈ వైపూ తిప్పి చూస్తూ నిలబడ్డాడు, పోయినదేదో వెనకవైపు అంటుకుని ఉందేమో అన్నట్టు.

"నిన్న మీరూ అంతేనా?" అని అడిగాడు చివరికి. "చేతికి తెలిసిందా?"

అబద్ధం చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. రెప్పమ్మకు ఆ సంగతి తెలుసు.

"తెలిసినట్టే ఉంది" అంది. "అప్పుడే వచ్చిందో, అంతకుముందో, గట్టిగా చెప్పలేను. రోజంతా జర్రుమంటూనే ఉంటుంది, ఏదో ఒకటి. నేను తిప్పి చూసుకోలేదు. అది నాది. అంతవరకూ నాదే. బజర్ పీకింది నాది కాదు. తుడవమన్నది నాది కాదు. ఆ మిషన్ వేడెక్కిందని మీ మూడు అలర్టుల్లో ఒక్కటీ నాకు చెప్పలేదు, నా మొహం చెప్పింది. అదీ రాయాలి."

"నేను రాసిన కాగితం..."

"చింపండి. నేను రాస్తాను."

బాబాయ్ బల్ల మీదే, పుస్తకం చివరి తెల్లకాగితం చింపించుకుని రాసింది. అక్షరాలు కుదురుగా ఉండవు ఆమెవి. చిటికెన వేలు కాగితానికి ఆనదు, పైకి లేచి ఉంటుంది. అలర్ట్ పది నలభై రెండుకి వచ్చింది. గేటు దగ్గర రూలు ప్రకారం తుడుస్తుంటే పోయింది. చేతికి తెలిసినా తిప్పి చూడలేదు. చదవలేదు. తర్వాతవి రెండూ ఫోన్‌లో లేవు. బజర్ లేదు. పదకొండూ ఇరవైకి వేడి నేనే కనిపెట్టి ఆపాను. ఒకసారి చదివింది. ఇంకోసారి చదివింది. అప్పుడు సంతకం పెట్టింది.

"దీన్ని పైకి పంపితే నన్నూ అడుగుతారు" అన్నాడు మేనేజరు.

"అడగనివ్వండి. మీరూ చదివే సంతకం పెట్టండి."

ఆయన చదివాడు. చాలాసేపు చదివాడు. పెట్టాడు. తన ఫోన్ చూసుకుంటే పదకొండు దాటింది. ఆమె హిస్టరీలో ఆ లైను ఇంకా ఉందో పోయిందో ఎవరూ చూడలేదు. అప్పటికి దానితో పని లేదు.

పైనుంచి ఏ జవాబొస్తుందో తెలియదు గానీ, ట్రేలు కడిగే చోటి మాట మాత్రం మళ్లీ రాలేదు. మర్నాటికి గేటు దగ్గర గోడమీద బాబాయ్ పెద్ద పెద్ద అక్షరాలతో రాసిన ఒక కాగితం అంటించి ఉంది. ముందు చూడండి, తర్వాత తుడవండి. బజర్ వచ్చేవారం బిగిస్తామన్నారు. వచ్చేవారం అన్నది ఆ హేచరీలో ఎంత దూరమో రెప్పమ్మకు తెలుసు కాబట్టి, ఆమె రోజూ పొద్దున మేనేజరు గది ముందు ఆగి, "బజరు సార్" అని రెండు ముక్కలు చెప్పి లోపలికి పోయేది. ఎనిమిదో రోజు బిగించారు.

నాలుగో సెట్టర్ గుడ్లు పగిలే రోజు రెప్పమ్మా మేనేజరూ, గుడ్లు చివరి మూడు రోజులు ఉండే పొదుగు పెట్టెల ముందు నిలబడ్డారు. ఎక్కువ ట్రేలు తడి ఈకలతో, కిచకిచలతో నిండిపోయాయి. రెండు ట్రేలలో మాత్రం చాలా గుడ్లు అలాగే ఉండిపోయాయి, గుండ్రంగా, నిశ్శబ్దంగా. ఆమె వాటి దగ్గరే ఎక్కువసేపు నిలబడింది. పది నలభై రెండుకి ఫోన్ తిప్పి చూసుకుని ఉంటే అవీ ఈపాటికి అరుస్తుండేవి. ఆ లెక్క ఎవరూ అడగలేదు, ఆమె ఎవరికీ చెప్పలేదు.

తిరిగి వస్తుంటే సెట్టర్ల గదిలో మేనేజరు ఆగాడు. మొదటి మిషన్ తెర మీద అంకె, తన ఫోన్‌లో అంకె పావు డిగ్రీ తేడాగా ఉన్నాయి. రెంటినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత, ఆమె వైపు చూడకుండా అడిగాడు.

"ఎంతుంటుందంటారమ్మా?"

"ఫోన్‌ని అడగండి సార్."

"అడిగాను."

ఆమె మిషన్ తలుపు తీసింది. మధ్య ట్రేలోంచి ఒక గుడ్డు తీసుకుంది. కంటి తడి సంగతి ఆయన ఎత్తలేదు. గుడ్డు మూసిన రెప్పకు ఆనించుకుని, ఊపిరి బిగబట్టి, మెల్లగా లెక్కపెట్టసాగింది.